కొత్త మామిడికి, కొత్త పువ్వుకి పేరు పెట్టడం: చిన్న నర్సరీవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల్లో ఏదైనా కొత్త రకం బయటపడితే ముందు ధర గురించి మాట్లాడుకుంటాం. పేరు సంగతి లోడు లారీ ఎక్కే ముందు రోజు రాత్రి గుర్తొస్తుంది. అప్పుడు ట్యాగు రాసే కుర్రాడికి ఏది తోస్తే అదే పేరు అయిపోతుంది. తోటి నర్సరీవాళ్లు ఈ విషయమై మమ్మల్ని అడిగినవి, మేం చెప్పినవి ఇక్కడ పెడుతున్నాం. ఎక్కువ భాగం మామిడి గురించే. పూలమొక్కల దగ్గర లెక్క మారుతుంది కాబట్టి అది విడిగా రాశాం.

టెంక మొక్క మంచి కాయ కాసింది. వెంటనే పేరు పెట్టేయొచ్చా?

ఆగండి. మన వైపు మామిడి రకాల టెంక పాతితే తల్లి చెట్టు కాయే మళ్లీ రాదు. ఆ లెక్కన గట్టు మీద తనంతట మొలిచిన ప్రతి టెంక మొక్కా కొత్త రకమే. వాటిలో పేరు పెట్టి అమ్మదగినది ఎప్పుడో ఒకటి దొరుకుతుంది. దొరికినట్టు తేలేది ఆ చెట్టు కాయ తిన్నప్పుడు కాదు, దాని పుల్లతో కట్టిన అంటు మొక్క కాసినప్పుడు.

కాబట్టి ముందు పుల్లలు తీసి అంటు కట్టండి. కనీసం రెండు రకాల నేలల్లో వేయండి: ఒకటి లంక ఒండ్రులో, ఒకటి మెట్ట ఎర్రనేలలో. అంటు మొక్క నిజమైన కాపు చూపించడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. మామిడి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొహం చాటేసే చెట్టు కాబట్టి ఒక్క కాపుతో తీర్పు చెప్పకండి. తల్లి చెట్టు కాయకీ అంటు కాయకీ సైజు, పీచు, పండే సమయం కలిశాయంటే అప్పుడు పేరు గురించి కూర్చోవచ్చు.

ఈలోగా పిలుచుకోవడానికి ఒక నంబరు చాలు. గట్టు 3, షెడ్డు 7 లాంటివి. ముద్దుపేరు పెట్టకండి. పనివాళ్లు దాన్ని బయట అనేస్తారు, పక్క ఊళ్లో అదే ఖాయమైపోతుంది.

పూలమొక్కలో ఒక కొమ్మకి మాత్రమే రంగు మారినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మందారం, కాగితం పువ్వు, గులాబీల్లో ఇలా వచ్చిన మార్పు మళ్లీ పాత రంగుకి తిరిగిపోవడం మామూలే. ఆ కొమ్మ కటింగులు పూసి, వాటి కటింగులు కూడా అదే రంగు పూసే వరకు చూడండి. ఆకు మీద తెల్ల మచ్చలున్న రకాల్లో పచ్చ కొమ్మ ఒకటి వచ్చిందంటే అది మిగతావాటిని మించి పెరిగి, ఏడాదిలో మొక్కంతా పచ్చగా మారిపోతుంది. అలాంటి దానికి మచ్చల పేరు పెడితే కొన్నవాడు ఫోన్ చేసి తిడతాడు.

పేరు బాగానే ఉంది, అయినా కొన్నవాళ్లకి గుర్తుండటం లేదు. ఎందుకు?

మామిడి మొక్క కొనేటప్పుడు కొనేవాడి చేతిలో ఉండేది నాలుగు ఆకులు, ఒక కవరు. కాయ కనపడదు. బంగినపల్లి అంటు, రసం అంటు, మీ కొత్త అంటు పక్కపక్కన పెడితే మనకే ఒక్కోసారి తేడా తెలియదు. అతను ఇంటికి వెళ్లి నాటుతాడు. మొదటి వానాకాలానికే ట్యాగు మీద రాత పోతుంది, రెండో ఏడుకి ట్యాగే పోతుంది. కాపు నాలుగో ఏడు వస్తుంది. అప్పుడు పండు తిని "ఇదేదో బాగుందే, ఇంకో ఇరవై మొక్కలు వేద్దాం" అనుకుంటాడు. మీ పేరు అవసరం పడేది సరిగ్గా ఆ రోజున. ఆ రోజున అతనికి గుర్తు చేసేది ట్యాగు కాదు, మీరు కాదు, చెట్టే గుర్తు చేయాలి.

మామిడి పేరుకి మేం పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే: పండు చేతిలో పట్టుకున్న మనిషికి, పండులోనో చెట్టులోనో ఏదో ఒక సంగతి చూసి పేరు తిరిగి తట్టాలి. రంగు, ఆకారం, రుచి, వాసన, పండే కాలం, వీటిలో ఏదైనా పర్వాలేదు. అలా తట్టని పేరు ఎంత అందంగా ఉన్నా నాలుగేళ్లు ఆగదు. "నాలుగేళ్ల కింద మీ దగ్గర ఒకటి కొన్నానండి, అదే కావాలి" అని వచ్చేవాళ్లని మీరు చూసే ఉంటారు. ఆ "ఒకటి" ఏదో మనమూ చెప్పలేం.

మన పాత మామిడి పేర్లు ఎలా నిలిచాయి?

చూస్తే అన్నీ ఆ పరీక్ష నెగ్గినవే. చెరుకురసం అంటే తియ్యగా, పిండుకుని తాగేది. చిన్నరసం, పెద్దరసం సైజు చెప్పేస్తాయి. సువర్ణరేఖ భుజం మీద ఎర్రటి ఛాయ చూస్తే పేరు అడగక్కర్లేదు. కొత్తపల్లి కొబ్బరిలో ఊరూ ఉంది, కండ గుణమూ ఉంది. తోతాపురి పేరులో చిలక ఉంది, కాయ కొనలో చిలకముక్కు ఉంది.

పరిశోధన కేంద్రాలవాళ్లు వేరే దారి పట్టారు. నీలం, బెనీషాన్ సంకరానికి నీలేషాన్ అని, నీలం, హిమాయుద్దీన్ సంకరానికి నీలుద్దీన్ అని తల్లిదండ్రుల పేర్లు అతికించారు. శాస్త్రవేత్తకి అది ఎంతో ఉపయోగం, పేరులోనే వంశం తెలుస్తుంది. తోట వేసే రైతుకి మాత్రం దాంతో పని లేదు. నీలం, దసేరీల సంకరాలకి ఢిల్లీ పూసా సంస్థ మల్లిక, ఆమ్రపాలి అని ఆడపిల్లల పేర్లు పెట్టింది. ఆ రెండూ దేశమంతా నోళ్లలో నలిగాయి. అయితే వాటి వెనక ప్రభుత్వ ప్రచారం, వ్యవసాయ శాఖ, యూనివర్సిటీలు ఉన్నాయి. ఆ బలం లేని మనం పండు గుణం మీదే ఆధారపడాలి.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి వరకు చెప్తారా?

మా నర్సరీ రకాన్నే చెప్తాం. కాలవ గట్టు మీద టెంక చెట్టు. రసం జాతి, చిన్నరసం కన్నా కాస్త పెద్దది, పీచు ఉంది, రసం పలచన. దీనికి రెండు ప్రత్యేకతలు. ఒకటి, పండినా తొక్క పెద్దగా రంగు తిరగదు, ముచ్చిక దగ్గర మాత్రం కొంచెం పసుపు కనిపిస్తుంది. రెండు, మిగతా రసాలు అయిపోయాక, మృగశిర కార్తె వచ్చి మొదటి వానలు పడే రోజుల్లో పండుతుంది. అంటు మొక్కల్లోనూ ఈ రెండు గుణాలు నిలిచాయి. ఇక పేర్ల జాబితా రాశాం.

మొదట వచ్చింది పచ్చరసం. పండినా పచ్చగానే ఉంటుందని. బాగుందనుకుని నలుగురికి ఫోన్లో చెప్పి "కాయ ఎలా ఉంటుందనుకుంటున్నారు?" అని అడిగాం. సగం మంది పసిమి రంగు పండు అన్నారు. మన మాటల్లో పసుపుని కూడా పచ్చ అనేస్తాం కదా. పండు చూసి పేరు తట్టకపోగా, "పచ్చరసం అన్నారు, ఇది పచ్చగా లేదే, పండనే లేదే" అని గొడవ వచ్చేది. కొట్టేశాం.

తర్వాత చిలకరసం. చెవికి ఇంపుగా ఉంది, పిల్లలకి కూడా గుర్తుంటుంది. కానీ మామిడిలో చిలక అనగానే జనం తోతాపురి వైపు వెళ్లిపోతారు. ఆ ముక్కుకాయని జ్యూస్ ఫ్యాక్టరీకి తోలే రకంగా చూసేవాళ్లు చాలామంది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు పేరు వినగానే "తోతాపురి సంకరమా?" అని అడిగారు. ఇంకొకరి పండు నీడలో పుట్టే పేరు మనకెందుకు? అదీ కొట్టేశాం.

గోదావరి రసం అని ఇంట్లోవాళ్లు గట్టిగా పట్టుబట్టారు. దాని సంగతి కింది ప్రశ్నలో చెప్తాం.

రంగు వైపు దారి మూసుకుపోయింది కాబట్టి కాలం వైపు వచ్చాం. ఆషాఢం అనుకున్నాం. పండు జూన్ రెండో వారంలో మొదలై కొన్ని ఏళ్లు ఆషాఢంలోకి వెళ్తుంది. కానీ తిథులు ఏడాదికో రకంగా జరుగుతాయి, అధికమాసం వస్తే మరీనూ. పైగా మన ఇళ్లలో ఆషాఢం అంటే శూన్యమాసం, కొత్త దంపతుల్ని విడదీసే నెల. గృహప్రవేశానికి మొక్క బహుమతిగా ఇచ్చేవాళ్లు ఆ పేరున్న మొక్క ముట్టుకోరు. చివరికి మిగిలింది తొలకరి.

తొలకరి ఎందుకు పట్టిందంటే, వానే ఆ పేరు గుర్తు చేస్తుంది. ఏరువాక సాగే రోజుల్లో, పక్క చెట్లన్నీ ఖాళీ అయ్యాక ఈ ఒక్క చెట్టు కాయలతో ఉంటుంది. ట్యాగు లేకపోయినా రైతుకి పేరు తడుతుంది. మంచి పేరే కాబట్టి ఇంటి ముందు నాటుకోవడానికీ అభ్యంతరం లేదు. వెనకాల రసం అని కూడా తగిలిద్దామా అని చాలా ఆలోచించాం. జాతి వెంటనే తెలుస్తుంది, నిజమే. కానీ ఫోన్లో "రసం" అని వెతికితే మిరియాల రసం, టమాటా రసం వంటలు వస్తాయి. అందుకని పేరు తొలకరి ఒక్కటే ఉంచి, దాని కింద చిన్న అక్షరాలతో "రసం జాతి, ఆలస్యపు కాపు, పండినా తొక్క ఆకుపచ్చ" అని రాస్తున్నాం. పేరులో పట్టని గుణం ఆ కింది లైనులో పట్టింది.

ఈ పేరుతో వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. కాలాన్ని బట్టి పెట్టిన పేరు ఊరు మారితే అబద్ధం కావచ్చు. తమిళనాడులో చాలా జిల్లాలకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి. అక్కడ తొలకరి అంటే ఒట్టి శబ్దమే. అక్కడివాళ్లకి కింది లైనులో నెల పేరు రాసి ఇస్తున్నాం. రెండో చిక్కు, వానల్లో పండే మామిడికి పండు ఈగ బెడద ఎక్కువ. తొలకరి అని పేరు పెట్టి ఆ సంగతి దాస్తే, పురుగు పడ్డ పండు కోసిన రోజున అదే పేరు మన మీద తిట్టు అవుతుంది. మొక్క ఇచ్చేటప్పుడే ఈగ ఎరలు కట్టమని, కాయలు నిండా ముదరగానే చెట్టు మీద పండనీయకుండా కోసి మగ్గేయమని చెప్తున్నాం.

గోదావరి, కోనసీమ, రాజమండ్రి అని పెట్టుకుంటే తప్పేంటి?

రెండు సమస్యలు. మొదటిది బేరానికి సంబంధించింది. కడియం వైపు ఎన్ని నర్సరీల బోర్డుల మీద గోదావరి ఉందో ఒకసారి రోడ్డు మీద వెళ్తూ చూడండి. కొనేవాడి బుర్రలో అది ఊరుగా మిగులుతుంది గానీ మొక్కగా మిగలదు. "అదే, గోదావరి మామిడి" అంటే ఎవరి నర్సరీ మామిడైనా కావచ్చు.

రెండోది చట్టం. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 కింద మీ రకాన్ని రిజిస్టర్ చేయించాలంటే, పేరులో ఊరు, ప్రాంతం పేరు పూర్తిగా గానీ కొంత గానీ ఉంటే రిజిస్ట్రారు నిరాకరించవచ్చు. నిజాయితీగా వాడుతున్నారని ఆయనకి అనిపిస్తే ఒప్పుకోవచ్చు కూడా. కానీ ఆ వాదన చేసుకోవాల్సిన పని మనకెందుకు? బంగినపల్లి పేరు తోక తగిలించడం మరీ ప్రమాదం. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "మినీ బంగినపల్లి", "బంగినపల్లి ప్లస్" లాంటివి పెట్టకండి.

కింగ్, గోల్డ్, సూపర్, హైబ్రిడ్, నంబర్ వన్?

ఇవన్నీ ఇప్పటికే అరిగిపోయాయి. పెంచిన మొక్కల పేర్లకి అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. అందులో పేరులో భాగంగా "హైబ్రిడ్", "ఇంప్రూవ్డ్", "వెరైటీ" లాంటి మాటలు వాడకూడదు. గుణాన్ని అతిగా పొగిడే పేర్లకీ అక్కడ చోటు లేదు. ఇంగ్లిషు అక్షరాల్లో 30 దాటకూడదు. మన చట్టం కూడా రకం గుణం గురించి, విలువ గురించి తప్పుదారి పట్టించే పేరు ఒప్పుకోదు. ఒట్టి అంకెలతో పేరు కూడా కుదరదు. నిజం చెప్పాలంటే చట్టం కన్నా ముందు కొనేవాడే వీటిని మర్చిపోతాడు.

మనవరాలి పేరు, హీరో పేరు, దేవుడి పేరు?

మనుషుల పేర్లు పనిచేస్తాయి, కానీ ఆ మనిషి కొనేవాడికి తెలిసినవాడైతేనే. ఉత్తరప్రదేశ్ మలీహాబాద్‌లో పద్మశ్రీ కలీముల్లా ఖాన్ తన మామిడి రకాలకి సచిన్, ఐశ్వర్య లాంటి పేర్లు పెట్టారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. అక్కడ కలీముల్లా ఖాన్ పేరే ఒక వార్త, ఒకే చెట్టు మీద వందల రకాలు అంటు కట్టిన మనిషాయన. మన చిన్న నర్సరీ హీరో పేరు పెడితే ఆ హీరో సినిమా ఆడినన్నాళ్లే నడుస్తుంది, పైగా అనుమతి లేకుండా వాడితే నోటీసు వచ్చే వీలుంది. జాతీయ నాయకులు, చిహ్నాల పేర్లకి 1950 నాటి చట్టం అడ్డు ఉంది. దేవుడి పేరు విషయంలో, ఎవరి మత విశ్వాసాలైనా నొచ్చుకునే పేరు రిజిస్టర్ కాదు. అది పక్కన పెట్టినా, దేవుడి పేరున్న మొక్క ఎండిపోతే ఆ ఇంట్లో ఆడవాళ్ల టెన్షన్ వేరు.

మనవరాలి పేరు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. ఆ పేరుకి పండులో ఆనవాలు ఉండదు కాబట్టి కింది లైను మాత్రం గట్టిగా రాయండి.

పూలమొక్కకి కూడా ఇదే లెక్కా?

దాదాపు తిరగేసిన లెక్క. మందారం కొనేవాడు పువ్వు చూసే కొంటాడు. అతనికి మీ పేరు అక్కర్లేదు, తనే ఒక పేరు పెట్టేసుకుంటాడు: "ఆ రెండు రంగుల మందారం", "ముద్ద పసుపుది". మీ పేరు ఆ వర్ణనని ఓడించాలి. వర్ణన కన్నా పొట్టిగా ఉండాలి, చెప్పగానే ఆ ఒక్క పువ్వే కళ్లముందుకి రావాలి.

రంగు ఛాయ మీద పేరు పెట్టే ముందు ఏడాదంతా చూడండి. హైబ్రిడ్ మందారాల్లో చలికాలం ముదురుగా పూసిన రంగు మే ఎండలకి వెలిసిపోతుంది. మధ్యలో ఉండే ఎర్రటి కన్ను పెద్దదీ చిన్నదీ అవుతుంటుంది. కాగితం పువ్వుకి ఎండ తగ్గినా రంగు తగ్గుతుంది. నవంబరులో "మెరూన్" అని పేరు పెడితే మేలో కొన్నవాడికి లేత గులాబీ కనపడుతుంది. మారని గుణం ఏముందో వెతకండి: రేకు అంచు ముడతలా, పువ్వు రెండు రోజులు నిలవడమా, వేలాడే తీరా? ఉదాహరణకి అంచు కుచ్చులు పడ్డ పసుపు మందారానికి "పట్టుకుచ్చు" అంటే ఏ కాలంలోనైనా సరిపోతుంది. చూడగానే చీర కొంగు గుర్తొస్తుంది, పేరు తడుతుంది.

ట్యాగు మీద తెలుగులో రాయాలా, ఇంగ్లిషులోనా?

రెండూ రాయండి. తెలుగు మన తృప్తికి, ఇంగ్లిషు లారీ దిగే చోటుకి. మన మొక్కలు ఒడిశా, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు వెళ్తాయి. ఇంగ్లిషు స్పెల్లింగు ఒక్కటే ఖాయం చేసుకోవడం ముఖ్యం. తొలకరిని Tolakari అని రాయొచ్చు, Tholakari అని రాయొచ్చు. బిల్లులో ఒకటి, ఫేస్‌బుక్‌లో ఒకటి రాస్తే వెతికేవాడికి మీరు సగమే దొరుకుతారు. మేం Tolakari ఉంచాం. "త"కి Th రాయడం మనకి అలవాటే గానీ, ఉత్తరాదివాళ్లు దాన్ని "థ" అని చదువుతారు.

పేరు ఖాయం చేసే ముందు ఒక చిన్న పని చేయండి. తెలుగు రాని డ్రైవరుకో, బయట రాష్ట్రం డీలరుకో ఫోన్లో పేరు ఒక్కసారి చెప్పి, వాట్సాప్‌లో టైపు చేసి పంపమనండి. వాళ్లు పంపిన స్పెల్లింగే రేపు మీ పేరు. వారం తర్వాత అదే మనిషిని "ఆ మొక్క పేరేంటి?" అని అడగండి. ళ, ణ, ఒత్తులు ఎక్కువున్న పేర్లు ఇక్కడే పోతాయి. నాలుగు అక్షరాల్లోపు పేర్లు ఎక్కువగా బతుకుతాయని మా అనుభవం.

ట్యాగు విషయం ఇంకొకటి. మామూలు మార్కరు మన వానకీ ఎండకీ ఆగదు. పేరు ఎంత బాగా పెట్టినా మొదట రాత నిలవాలి. మామిడికి మేం పల్చటి అల్యూమినియం రేకు మీద మొనతో గీసి, వదులుగా కొమ్మకి కడుతున్నాం. కాండానికి బిగించి కడితే రెండేళ్లలో తీగ బెరడులోకి దిగుతుంది.

రిజిస్టర్ చేయించాలా? ఎప్పుడు?

రకం మీద హక్కు కావాలంటే ఢిల్లీలోని మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల సంస్థకి దరఖాస్తు పెట్టాలి. ఒక రకానికి ఒకే పేరు ఇవ్వాలి, అది అదే జాతిలో ఉన్న మరే పేరుతోనూ కలవకూడదు. రకం మిగతావాటి నుంచి వేరుగా, అన్ని మొక్కల్లో ఒకేలా, తరం మారినా మారకుండా ఉందని పరీక్షలో తేలాలి. చెట్లకి మొదట 9 ఏళ్లు, పొడిగించుకుంటే మొత్తం 18 ఏళ్ల హక్కు. మిగతా మొక్కలకి 6, మొత్తం 15. రైతు తన రకాన్ని రైతు రకంగా పెడితే ఫీజు లేదు. మీ మొక్క జాతి ఆ సంస్థ ప్రకటించిన జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. మామిడి ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేది తేదీ దగ్గర. కొత్త రకంగా హక్కు అడగాలంటే, దరఖాస్తు రోజుకి ముందు మన దేశంలో ఏడాది మించి ఆ మొక్కలు అమ్మి ఉండకూడదు. "ముందు మార్కెట్లో చూద్దాం, నడిస్తే రిజిస్టర్ చేద్దాం" అని మూడేళ్లు అమ్మితే ఆ తలుపు మూసుకున్నట్టే. అమ్మకం మొదలైన రోజు బిల్లు తీసి పెట్టుకోండి.

ఇంకొకటి, చెట్టు వేరే వాళ్ల పొలంలో దొరికితే పేరు పెట్టే ముందు ఆ రైతుతో కాగితం రాసుకోండి. పండు పేపర్లో పడ్డాక రాసుకోవడం కష్టం.

హక్కు వద్దు, పేరు మాత్రం నమోదైతే చాలు అనుకుంటే, మామిడికీ కాగితం పువ్వుకీ రకాల పేర్ల అంతర్జాతీయ నమోదు బాధ్యత ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థదే. దానివల్ల ఎవరూ కాపీ కొట్టకుండా ఆగరు. అదే పేరుతో ఇంకొక రకం రాకుండా చూసుకోవడానికి పనికొస్తుంది.

పేరుని ట్రేడ్‌మార్క్ చేస్తే సరిపోదా?

చట్టం కింద ఇచ్చిన రకం పేరుని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయరు. రకం పేరు రకంతోనే పోతుంది, హక్కు గడువు తీరాక ఎవరైనా ఆ రకాన్ని ఆ పేరుతోనే అమ్ముకోవచ్చు. మీరు ట్రేడ్‌మార్క్ చేసుకోదగింది మీ నర్సరీ పేరు, బొమ్మ. మొక్కలు, పువ్వులు 31వ తరగతిలో వస్తాయి. ట్యాగు మీద నర్సరీ పేరు ఒక పక్క, రకం పేరు ఇంకో పక్క రాయండి, రెండూ కలిపి ఒకే పేరులా రాయకండి.

బయట రాష్ట్రం డీలరు మా మొక్కకి తన పేరు పెట్టి అమ్ముతున్నాడు. ఏం చేయాలి?

ఇది పాత జబ్బే. బంగినపల్లినే మనం బెనీషాన్ అంటాం, ఉత్తరాది మార్కెట్లో సఫేదా అంటారు. ప్రపంచంలో పేరుమోసిన పీస్ గులాబీ ఫ్రాన్స్‌లో మదాం ఎ. మెయాన్, జర్మనీలో గ్లోరియా డేయి, ఇటలీలో జోయా. అవి అంత పెద్ద రకాలు కాబట్టి నాలుగు పేర్లు మోశాయి. మన రకం రెండు మోయలేదు.

మీ రకం రిజిస్టరై ఉంటే తప్పుడు పేరుతో అమ్మడం నేరం, జైలు, జరిమానా రెండూ చట్టంలో ఉన్నాయి. రిజిస్టర్ కాకపోతే చట్టంతో చేసేది తక్కువ. అప్పుడు డీలరుతో మాట్లాడటమే దారి. అతను పేరు మార్చడానికి సాధారణంగా కారణం ఉంటుంది: అక్కడివాళ్లకి నోరు తిరగదు, లేదా మళ్లీ కొనేవాడు నేరుగా మీ దగ్గరికి రాకూడదు. మొదటిదైతే స్పెల్లింగు, పలుకుబడి సర్దుకోవచ్చు. రెండోదైతే అతని ఫోన్ నంబరు కూడా ట్యాగు మీద వేసి ఇస్తామని చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఇది మీ మొక్కేనా అన్న అనుమానం వస్తే ఆకు చూసి తేల్చలేరు. కాపు వచ్చేదాకా ఆగి పండు తెప్పించుకోండి, తల్లి చెట్టు పండు పక్కన పెట్టి కోయండి. తొక్క, పీచు, టెంక ఆకారం, పండిన వారం కలవాలి. అందుకే తల్లి చెట్టు రికార్డు, ప్రతి ఏటా కాయ ఫొటో, మొదటి పండు దిగిన తేదీ రాసి పెట్టుకోమంటాం.

ఇప్పటికే రెండు పేర్లతో అమ్మేశాం. ఇప్పుడు మార్చవచ్చా?

మార్చవచ్చు, కానీ మూడో పేరు తేకండి. ఉన్న రెండింటిలో మళ్లీ కొనడానికి వచ్చినవాళ్లు ఏది అన్నారో గుర్తు చేసుకోండి, అదే ఉంచండి, అది మీకు నచ్చనిదైనా సరే. రెండు కాపుల వరకు ట్యాగు మీద పాత పేరు కూడా చిన్నగా "పాత పేరు" అని రాయండి. తర్వాత తీసేయండి. బిల్లు పుస్తకంలో మాత్రం రెండూ ఉంచండి, అయిదేళ్ల కింద కొన్నవాడు ఏ పేరుతో ఫోన్ చేస్తాడో చెప్పలేం.